ముప్పై ఒక్క చోట్ల డి

తోక నుంచి మొదలుపెట్టాలి. ఈ ముక్క ఇరవై రెండేళ్లుగా నా పక్క కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పాను. చెప్పడం కాదు, తిట్టాను. ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. "తోక నుంచి తల్లీ, తల నుంచి కాదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని పదిమందిలో అరిచాను ఆ పిల్ల మీద. ఇప్పుడా పిల్ల ఎక్కడుందో తెలీదుగానీ, ఎదురొస్తే కాళ్లు పట్టుకుంటాను.

ఏమిటా తోక అంటారా, చెప్తాను. నేను శాస్త్రం పుస్తకాలు అచ్చువేసే చిన్న సంస్థలో ప్రతులు సరిచూస్తుంటాను. మా పుస్తకాల్లో ఎవరి పరిశోధన గురించైనా రాస్తే, ఆ వాక్యం చివర బ్రాకెట్లో వాళ్ల ఇంటిపేరు, పక్కనే సంవత్సరం వేస్తాం. చదివేవాళ్లు పుస్తకం వెనకాల లిస్టుకి వెళ్లి ఆ పేరూ ఆ సంవత్సరం వెతికితే, ఏ వ్యాసమో తెలిసిపోతుంది. బాగానే ఉంది. కానీ ఒకే మనిషి ఒకే ఏడాదిలో మూడు వ్యాసాలు రాస్తే? అప్పుడు సంవత్సరానికి అక్షరాలు తగిలిస్తాం. 2009ఎ, 2009బి, 2009సి. ఏ వ్యాసానికి ఏ అక్షరం అనేది మన ఇష్టం కాదు. వ్యాసాల పేర్లని అక్షరక్రమంలో పెట్టి, ముందొచ్చినదానికి ఎ, తర్వాతదానికి బి, అలా.

ఇక్కడే ఉంది అసలు తద్దినం. అంతా అయిపోయాక రచయిత వచ్చి, "అదే మనిషిది, అదే ఏడాదిది, ఇంకో వ్యాసం మర్చిపోయాను, చేర్చమ్మా" అంటాడు. దాని పేరు అక్షరక్రమంలో ముందుకొచ్చిందనుకోండి, అది ఎ అయి కూర్చుంటుంది. పాత ఎ బి అవ్వాలి, బి సి అవ్వాలి, సి డి అవ్వాలి. లిస్టులో మార్చడం ఎంతసేపు! పుస్తకంలో ఆ అక్షరం ఎక్కడెక్కడ వాడామో అన్నిచోట్లా మార్చాలి. కంప్యూటరుకి చెప్తే వెతికి మారుస్తుంది. కానీ తోక నుంచి చెప్పాలి. ముందు సి ని డి చెయ్యి, తర్వాత బి ని సి, ఆఖరికి ఎ ని బి. అలాక్కాకుండా తల నుంచి మొదలెట్టి ఎ ని బి చేశావా, ఆ కొత్త బి లు పాత బి లతో కలిసిపోతాయి. తర్వాత బి ని సి చెయ్యమంటే అన్నిటినీ చేస్తుంది. ఆపైన సి ని డి అంటే, ఇంకేముంది, అన్నీ డి.

దానికేం తెలుసు పాపం. చెప్పింది చేస్తుంది.

మా వదిన సంగతి చెప్పాలి. అన్నయ్య భార్య. పుట్టిన పిల్లల వినికిడి మీద పరిశోధన చేస్తుంది. ఎందుకు చేస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. వాళ్లబ్బాయి చిన్నోడు పుట్టిన మూడో రోజున జ్వరం వస్తే ఆస్పత్రిలో ఒక ఇంజెక్షన్ పది రోజులు ఇచ్చారు. జ్వరం తగ్గింది, పిల్లాడు బతికాడు, వినికిడి పోయింది. రెండేళ్లొచ్చేదాకా మాకెవరికీ తెలీలేదు. పిలిస్తే పలకడేంటి, మొండిఘటం అనుకున్నాం. నేనైతే "వాళ్ల నాన్న పోలికే, ఎంత పిలిచినా ఉలకడు పలకడు" అని నవ్వాను కూడా. ఆ నవ్వు వదిన మర్చిపోయిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. చిన్నోడికిప్పుడు ఇరవై మూడేళ్లు. ఆరడుగుల మనిషి, అయినా మాకు చిన్నోడే. బల్లలకీ బీరువాలకీ నమూనా బొమ్మలు గీసే పని చేస్తాడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేస్తాడు. తను మాట్లాడతాడుగానీ, గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకి తెలీదు.

ఆ ఇంజెక్షన్ మంచిదే, ప్రాణాలు నిలబెడుతుంది. కానీ ఐదు రోజులు దాటితే చెవికి ముప్పు. దాటాల్సి వస్తే పిల్లలకి వినికిడి పరీక్ష చెయ్యాలి. ఈ రెండు ముక్కలూ పసిపిల్లల వార్డుల నిబంధనల్లో ఎక్కించాలన్నదే వదిన పంతం. ఇంకే కోరికా లేదు ఆవిడకి. నగా లేదు, చీరా లేదు.

ఆవిడ 2009లో వ్యాసాలు రాసింది. అందులో ముఖ్యమైనది 'ఇంజెక్షన్ తర్వాత వినికిడి'. నాలుగొందల మంది పిల్లల్ని చూసి రాసింది. ఇంకోటి 'పుట్టిన పదిరోజుల్లో పరీక్షలు'. మూడోది 'యంత్రం కొలిచిన వినికిడి స్థాయిలు'. ఈ మూడోదానిలో తప్పు దొర్లింది. వేరే ఆస్పత్రిలో వాడిన యంత్రాన్ని ముందుగా సరిచూడలేదు, రెండు నెలల లెక్కలు తప్పుగా వచ్చాయి. ఎవరూ పట్టుకోలేదు. వదినే పట్టుకుంది. తనే పత్రికకి ఉత్తరం రాసి ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అన్నయ్య వద్దన్నాడు. "ఎవరికీ తెలీదు కదే, నీకెందుకొచ్చిన గోల" అన్నాడు. "నాకు తెలుసుగా" అంది వదిన. ఆ తర్వాత ఏడేళ్లపాటు ఆవిడకి పదోన్నతి రాలేదు.

ఇక పెద్దాయన. పిల్లల చెవి వైద్యంలో ఆయన్ని మించినవాళ్లు లేరంటారు. ఎనభై దాటాక జీవితమంతా చూసింది ఒక పుస్తకంగా రాసి మా సంస్థకిచ్చాడు. మేమాయనకి పెట్టిన పేరు 'ఇంకొక్కటి'. ఎప్పుడు ఫోన్ చేసినా "ఏమ్మా, ఇంకొక్కటి" అనే మొదలుపెడతాడు. పుస్తకం నా బల్ల మీదికొచ్చింది. చూద్దును కదా, వదిన ఇంటిపేరు పేజీ పేజీకీ ఉంది! ఆరో అధ్యాయం నిండా ఆవిడ ఇంజెక్షన్ వ్యాసమే. ఐదు రోజుల హద్దు నిబంధనల్లో పెట్టాలని పెద్దాయనే రాశాడు. తొమ్మిదో అధ్యాయంలో, వెనక్కి తీసుకున్న వ్యాసం లెక్కలు ఎవరూ వాడకూడదని కూడా రాశాడు, అదీ నిజమే. వెనకాల లిస్టులో ఆ వ్యాసం పక్కన 'రచయిత్రి ఉపసంహరించుకున్నారు' అని వేశాం. అలా వెయ్యాలి, అది పద్ధతి.

ఆనందం పట్టలేకపోయాను. వదినకి ఫోన్ చేసి చెప్పాను. ఏ అధ్యాయంలో అని రెండుసార్లు అడిగింది. తర్వాత నెమ్మదిగా, "ఆ పేజీలు ఒకసారి నేను చూడొచ్చా అమ్మాయ్?" అంది.

"బయటివాళ్లకి చూపించకూడదు వదినా. అయినా నీ ఆడపడుచే చూస్తుంటే నీకెందుకు భయం?"

"భయం కాదులే" అంది. మళ్లీ అడగలేదు. ఈ మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం అచ్చుకి వెళ్లాలి. శుక్రవారం పొద్దున ఇంకొక్కటి గారి నుంచి సందేశం. మా వదినదే 2009లో ఇంకో వ్యాసం ఉందట, 'అమ్మలు గమనించిన గుర్తులు' అని. మొదటి అధ్యాయంలో దాని గురించి ఒక వాక్యం చేర్చాలట. 'అ' తో మొదలవుతుంది కదా, లిస్టులో అన్నిటికంటే ముందుకొచ్చి ఎ అయి కూర్చుంది. ఇంజెక్షన్ వ్యాసం ఎ నుంచి బి కి జరగాలి. పరీక్షల వ్యాసం సి కి. వెనక్కి తీసుకున్నది డి కి.

లిస్టు మార్చాను. పుస్తకం రెండు ఫైళ్లలో ఉంది. మొదటి రెండు అధ్యాయాలున్న ఫైలుని కాగితాల మీద చూసుకుంటూ చేత్తోనే మార్చాను. శుభ్రంగా, ఒక్కటి తప్పులేదు. కొత్త వాక్యం చేర్చాను. ఇక మూడు నుంచి పన్నెండు దాకా ఉన్న పెద్ద ఫైలు తెరిచేసరికి ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఇంకొక్కటి."

"చెప్పండి సార్."

"నాలుగో అధ్యాయంలో ఆ చెవి బొమ్మ ఉంది చూడు, అది కుడి చెవి. నాకు ఎడమ చెవి కావాలి."

నాకు ఎక్కడో కాలింది. "సార్, ఏ చెవైతే ఏంటి సార్? సోమవారం అచ్చుకెళ్తోంది! మూడు నెలల నుంచి రోజుకొకటి చెప్తున్నారు. నేనూ మనిషినే కదా!"

"అలా కాదమ్మా, నేను రాసింది ఎడమ చెవి గురించి..."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టుకుని ఆయనతో పోట్లాడుతూ, పళ్లు నూరుకుంటూ, కంప్యూటరుకి చెప్పాను. వదిన ఇంటిపేరుతో సహా కొట్టాను, లేకపోతే మిగతావాళ్ల 2009లు కూడా పాడవుతాయి. చూశారా, అంత తెలివి ఉంది నాకు ఆ క్షణంలో. 2009ఎ ని 2009బి చెయ్యి. ఇరవై రెండు మార్పులు జరిగాయంది. "ఎడమ చెవి బొమ్మ గీసేవాళ్లు ఇవాళ దొరకరు సార్." 2009బి ని 2009సి చెయ్యి. ఇరవై ఏడు. "పోనీ అద్దంలో చూసినట్టు తిప్పెయ్యమంటారా?" 2009సి ని 2009డి చెయ్యి. ముప్పై ఒకటి.

ఆ ముప్పై ఒకటి చూసి నేనేమనుకున్నానో తెలుసా? అబ్బో, ముప్పై ఒక్క చోట్ల! మా వదినంటే మాటలా! అనుకున్నాను. కోపం కూడా కాస్త తగ్గింది. అంకె పెరుగుతూ వస్తోందేంటి, పెరగకూడదు కదా అని బుర్రకి తట్టలేదు. మురిసిపోయాను.

ఆఖరి తనిఖీ కూడా చేశాను, అబద్ధం చెప్పను. లిస్టులో ఉన్న ప్రతిదీ పుస్తకంలో ఎక్కడో ఒకచోట కనిపిస్తోందా, పుస్తకంలో ఉన్న ప్రతిదీ లిస్టులో ఉందా అని చూస్తాం. నేను చేత్తో మార్చిన ఆ రెండు అధ్యాయాల్లో ఎ, బి, సి అన్నీ ఉన్నాయి. పెద్ద ఫైల్లో డి ఉంది. నాలుగూ ఉన్నాయి కాబట్టి అంతా సరే అని తేలింది. సరైన చోట ఉన్నాయా అని ఆ తనిఖీ చెప్పదు. అది చెప్పాల్సింది నేను.

పుస్తకం వచ్చింది. ఎడమ చెవితోనే వచ్చింది. వదినకి ఒక ప్రతి తీసుకెళ్లి ఇచ్చాను. అట్ట మీద చెయ్యి వేసి నిమిరింది. వెనక లిస్టు తెరిచి తన పేరు కింద నాలుగు వరుసలు చదువుకుంది. లోపలి పేజీలు తర్వాత తీరిగ్గా చదువుతానంది. అదే నెలలో వార్డుల నిబంధనలు మార్చే ప్రభుత్వ కమిటీ కూర్చుంటోంది. వదిన అర్జీ అప్పటికి మూడోసారి. రెండుసార్లు తోసేశారు, 'పెద్దల మద్దతు చాలదు' అని. ఈసారి పెద్దాయన పుస్తకమే కమిటీ ముందుంది. "ఇంక కాదనలేరు వదినా" అన్నాను. అన్నయ్య కూడా నవ్వాడు, వాడు నవ్వడం ఎన్నేళ్లయిందో.

ఐదు వారాలకి ఉత్తరం వచ్చింది. ఒకటే పేరా. ఐదు రోజుల హద్దుకి ఆధారంగా చూపిన అధ్యయనాన్ని రచయిత్రే ఉపసంహరించుకున్నట్టు ప్రామాణిక గ్రంథం ద్వారా తెలుస్తున్నందున అర్జీని తిరస్కరిస్తున్నాం. తదుపరి సమీక్ష మూడేళ్ల తర్వాత.

వదిన నాకు ఫోన్ చేసింది. గొంతులో కోపం కూడా లేదు, అర్థంకాకపోవడమే ఉంది. "నేను వెనక్కి తీసుకున్నది అది కాదు కదమ్మా. యంత్రం వ్యాసం కదా. వాళ్లు చదవలేదంటావా?"

"చదివుండరు వదినా! బుద్ధిలేని సన్నాసులు! మూడేళ్లట మూడేళ్లు! నేనే వెళ్లి అడుగుతానుండు!" నోటికొచ్చిందల్లా అన్నాను. వాళ్ల కళ్లు పోయాయా అని అడిగాను. అవును, నేనే అడిగాను.

మర్నాడు పదకొండింటికి చిన్నోడు మా ఆఫీసుకొచ్చాడు. చంకలో పుస్తకం. దాని నిండా పసుపుపచ్చ కాగితం ముక్కలు బయటికి తొంగిచూస్తున్నాయి. మామూలుగా వస్తే అందరికీ చెయ్యి ఊపుతాడు, నా భోజనం డబ్బాలో ఏముందో చూస్తాడు. ఆ రోజు నేరుగా వచ్చి పుస్తకం నా ముందు పెట్టి ఆరో అధ్యాయం తెరిచాడు. వేలు పెట్టి చూపించాడు. ఐదు రోజులు దాటిన మోతాదు వినికిడిని దెబ్బతీస్తుంది. బ్రాకెట్లో వదిన ఇంటిపేరు. 2009డి.

తర్వాత లిస్టు తెరిచి డి దగ్గర వేలు పెట్టాడు. 'యంత్రం కొలిచిన వినికిడి స్థాయిలు. రచయిత్రి ఉపసంహరించుకున్నారు.'

పేజీ తిప్పాను, డి. ఇంకో పసుపు ముక్క, డి. ఇంకోటి, డి. లెక్కపెట్టక్కర్లేదు, ఎన్నో నాకు తెలుసు. ఆ అంకె చూసే కదా మురిసిపోయింది.

"ముప్పై ఒకటి" అన్నాడు చిన్నోడు. "నాలుగు సరైనవే. ఇరవై ఏడు తప్పు."

నేను తలెత్తలేదు. నా పెదాలు కనిపిస్తేగానీ వాడికి మాట తెలీదు, అందుకే ఎత్తలేదు. వాడు వంగి నా మొహంలోకి చూశాడు.

"అత్తా, ఇది నువ్వు చేశావా?"

తను మెల్లగా అడిగాననే అనుకున్నాడు. హాలంతా వినపడింది. తొమ్మిది బల్లల దగ్గర తొమ్మిది తలలు లేచాయి. నేను తలూపాను.

వాడు పుస్తకం మూసి, పసుపు ముక్కలు నలగకుండా సర్ది, నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

కమిటీని నేను అన్న మాటలన్నీ తిరిగొచ్చి నా మీదే పడ్డాయి. వాళ్లు చదివారు. బాగానే చదివారు. బ్రాకెట్లో ఉన్న అక్షరాన్ని పట్టుకుని లిస్టుకి వెళ్లి చూశారు. ఏం చెయ్యాలో అదే చేశారు.

సాయంత్రం వదిన దగ్గరికి వెళ్లాను. వదిన టేబుల్ దగ్గర కూర్చుని కమిటీకి జవాబు రాస్తోంది. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. చిన్నోడు ఇంట్లో చెప్పలేదని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. నాకోసం వదిలేశాడు. నిలబడే చెప్పాను. కూర్చోమంది, కూర్చోలేదు. తల నుంచి మొదలుపెట్టాననీ, ఫోన్లో పోట్లాడుతున్నాననీ, ఎడమ చెవి సంగతీ, అన్నీ. మధ్యలో ఏడుపొచ్చింది. నా ఏడుపు నాకే అసహ్యం వేసింది.

వదిన పెన్ను మూత పెట్టింది. "ఎన్ని చోట్ల?"

"ఇరవై ఏడు."

"ఇంజెక్షన్‌వి ఎన్ని?"

"ఇరవై రెండు. అన్నీ."

అన్నయ్య ఉన్నట్టుండి, "ఒక్కసారి ఆ పేజీలు చూపిస్తే నీ సొమ్మేం పోయేదే? అడిగింది కదే అది!" అని అరిచాడు. వదిన చెయ్యెత్తి ఆపింది. ఆపకపోతే బాగుండు, ఇంకొన్ని మాటలు పడేదాన్ని.

వదిన రాస్తున్న కాగితం మడిచి పక్కన పెట్టింది. "నేను యంత్రం సరిచూడకుండా కొలిచాను. నువ్వు సరిచూడకుండా మార్చావు" అంది. "నిన్నేం అంటాను?"

"అను వదినా. దయచేసి ఏదో ఒకటి అను."

"ఒకటి ఆలోచిస్తున్నానమ్మాయ్. నేనా రోజు ఆ ఉత్తరం రాయకుండా ఉంటే లిస్టులో 'ఉపసంహరించుకున్నారు' అనే మాట ఉండేది కాదు. అప్పుడు నువ్వు ఏ అక్షరం పెట్టినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. మీ అన్నయ్య వద్దన్నాడు. వినాల్సింది."

ఆ మాట విన్నాక నాలో ఏదో చచ్చిపోయింది. ఆవిడ జీవితంలో చేసిన అన్నిటికంటే మంచి పని అది. నేను దాన్ని ఆవిడ చేతే తప్పనిపించాను.

తర్వాత చెయ్యగలిగిందంతా చేశాను. మేనేజరు "ఒక్క అక్షరమే కదా, రెండో ముద్రణలో చూద్దాంలే" అన్నాడు. ఆయన మీద బల్ల మీదున్న గ్లాసు విసిరాను. తగల్లేదు. నా ఉద్యోగం పోనివ్వకుండా పెద్దాయనే అడ్డుపడ్డాడు. తప్పు సంగతి చెప్పినప్పుడు ఆయన ఫోన్లో "ఆ ఒక్కటీ అడక్కుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చేసి 'ఇంకొక్కటి' అనలేదు.

సవరణ కాగితం వేశాం. పాత ప్రతి ముందేసుకుని ఒక్కొక్కటీ చూసి నేనే తయారుచేశాను. 'పేజీ 118, వరుస 9: 2009డి అని ఉన్నచోట 2009బి అని చదువుకోవాలి.' అలాంటివి ఇరవై ఏడు వరుసలు. గోదాములో మిగిలిన నూట నలభై ప్రతుల్లో నా చేత్తో అంటించాను. అమ్ముడైపోయినవి ఎనిమిదొందల అరవై. తెలిసిన లైబ్రరీలన్నిటికీ పంపించాను. ముగ్గురు అందిందని రాశారు. కమిటీకి పంపిస్తే 'ఫైలులో చేర్చాం, తదుపరి సమీక్షలో పరిశీలిస్తాం' అన్నారు. మూడేళ్లు. రోజూ పొద్దున లేవగానే, ఇవాళ ఎక్కడో ఒక వార్డులో ఆరో రోజు ఇంజెక్షన్ ఇస్తుంటారు అనుకునేదాన్ని. ఆ పిల్లాణ్ణి కూడా రెండేళ్లదాకా మొండిఘటం అనుకుంటారు.

ఎనిమిది నెలలు గడిచాయి. పోయిన నెల ఒక మంగళవారం నా బల్ల మీదికి ఒక చిన్న పుస్తకం సరిచూడ్డానికొచ్చింది. పసిపిల్లల వార్డు నర్సులకి చేతిపుస్తకం. కమిటీ వేయిస్తోంది, ప్రతి వార్డుకీ పంచుతారట, పన్నెండువేల ప్రతులు. ముప్పై నాలుగో పేజీలో ఆ ఇంజెక్షన్ ఉంది. పది రోజుల వరకు ఇవ్వవచ్చు. కింద ఒక వాక్యం. వినికిడి దెబ్బతింటుందన్న అధ్యయనం ఉపసంహరించబడింది. బ్రాకెట్లో వదిన ఇంటిపేరు, 2009.

ఉత్త 2009. అక్షరం లేదు.

గబగబా వెనక్కి తిప్పాను. లిస్టులో వదినది ఒక్కటే వ్యాసం, వెనక్కి తీసుకున్న ఆ యంత్రం వ్యాసం. పెద్దాయన పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నారు. ఒక మనిషిది ఆ ఏడాదిలో ఒక్కటే ఉంటే అక్షరం పెట్టం, అక్కర్లేదు, అదీ నియమమే. డి అని ఉన్నా ఎవరికైనా అనుమానం వచ్చేది. డి ఉందంటే ఎ, బి, సి ఎక్కడున్నాయబ్బా అని వెతికేవాళ్లేమో. నా సవరణ కాగితం ఎవరి కంటైనా పడేదేమో. ఇప్పుడు వెతకడానికి ఏమీ లేదు. ఆ ఏడాది వదిన ఒకటే రాసింది, అదీ తప్పుగా రాసింది.

పక్క మార్జిన్లో పెద్ద ప్రశ్న రాసి పంపాను. అసలు వ్యాసం వేరే ఉందని, దాన్నెవరూ వెనక్కి తీసుకోలేదని, సవరణ కాగితం కూడా జతచేసి పంపాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. 'ఇది కమిటీ ఆమోదించిన పాఠం. అక్షరదోషాలు మాత్రమే సరిచూడగలరు.' మళ్లీ రాశాను. ఫోన్ చేశాను. వెళ్లి కమిటీ ఆఫీసు వరండాలో నాలుగు గంటలు కూర్చున్నాను. లోపలికి పిలిచినతను మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్లిచ్చాడు. "మేడమ్, ఆ పెద్ద గ్రంథం చూసింది మీరే కదా? అందులో అలాగే ఉంది కదా?" అన్నాడు.

వదినకి ఫోన్ చేశాను. దాచి ఏం చేస్తాను?

అంతా విని, "ఏ అక్షరం వేశారు?" అంది.

"అక్షరం లేదు వదినా. ఒక్కటే ఉంది."

"ఓహో" అంది. తర్వాత చిన్నోడు భోజనానికొచ్చాడని ఫోన్ పెట్టేసింది.

ఈ పని నేను చెయ్యనన్నాను. నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారన్నాడు మేనేజరు. నిజమే. ఇంకొకరైతే మార్జిన్లో ప్రశ్న కూడా రాయరు. ఏమో, ఆఖరి నిమిషంలో ఎవరైనా మార్చమంటారేమోనని కూర్చున్నాను. చివరి ప్రతి వచ్చింది. మా దగ్గర ఆఖరి ప్రతిని ఇద్దరు కూర్చుని చూస్తాం. ఒకరు పైకి చదవాలి, రెండోవాళ్లు ఆమోదించిన ప్రతితో పోల్చి సరే అనాలి. నా ఎదురుగా మా సీనియరమ్మ కూర్చుంది. పాపం ఆవిడకి అంతా తెలుసు, చిన్నోడు వచ్చిన రోజు తలెత్తిన తొమ్మిది మందిలో ఆవిడ ఒకరు.

"ముప్పై నాలుగో పేజీ" అన్నాను. "పది రోజుల వరకు ఇవ్వవచ్చు."

"పది. సరే."

"అధ్యయనం ఉపసంహరించబడింది. 2009."

"అక్షరం?"

"లేదు."

"లిస్టులో ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"అయితే అక్షరం అక్కర్లేదు. సరే" అందావిడ నెమ్మదిగా, నా మొహం చూడకుండా.

టిక్కు పెట్టాల్సింది చదివినవాళ్లు. నా చేతిలో పెన్ను కదల్లేదు. ఆవిడ కాసేపు చూసి, చెయ్యి చాచి నా పెన్ను తీసుకుని, తనే టిక్కు పెట్టి పేజీ తిప్పింది.